కాలీఫ్లవర్, క్యాబేజీల్లో దాగిన పురుగు ఉప్పునీళ్ళకి బయటికి రావాలంటే

ప్రశ్న: కాలీఫ్లవర్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి, పువ్వు మొత్తంగా కాడ కిందికి పెట్టి ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉంచాను. తర్వాత కడిగి కోశాను. అయినా కూరలో ఆకుపచ్చ పురుగు వచ్చింది. మా అత్తగారైతే ఇక ఇంట్లోకి తేవద్దనేశారు. ఉప్పు ఎంత వెయ్యాలి, ఎంతసేపు ఉంచాలి? పసుపు కూడా వెయ్యాలా? క్యాబేజీకీ ఇదే పద్ధతా? క్యాబేజీ పురుగు మెదడులోకి పోతుందంటారు, నిజమా? టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ఉప్పు వెయ్యడం వరకు బాగానే ఉందమ్మా. ఫ్రిజ్ చలి, పువ్వుని నిలబెట్టిన తీరు, తక్కువ టైం, ఈ మూడూ కలిసి పురుగుని లోపలే ఉంచేశాయి. మాది కర్రీ పాయింట్. చలికాలం వచ్చిందంటే కాలీఫ్లవర్ కూరో వేపుడో లేని రోజు మా దగ్గర ఉండదు. కవర్లో ఒక్క పురుగు కనిపించినా ఆ కస్టమర్ మళ్ళీ రాడు, ఊరికే పోకుండా పదిమందికి చెప్తాడు కూడా. అందుకని మా వంటగదిలో ఈ పని ఒక వరస ప్రకారం జరుగుతుంది. అదే మీకు రాస్తున్నాను.

మనం వంటింట్లో వేసేంత ఉప్పుకి పురుగు వెంటనే చావదు. దాని ఒంటికి రెండు పక్కలా వరసగా సన్నటి రంధ్రాలుంటాయి, వాటితోనే గాలి పీలుస్తుంది. నీళ్ళలో ముంచితే గాలి అందదు, ఉప్పు ఒంటికి తగిలి చిరాకు పెడుతుంది. కొంతసేపు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత పట్టుకున్న కాడని వదిలేసి అక్కణ్ణుంచి పోవాలని చూస్తుంది. ఉప్పునీళ్ళు చేసే పని ఇంతే. కాబట్టి పురుగు బతికుండాలి, కదిలే ఓపికతో ఉండాలి. నీళ్ళు అది దాక్కున్న సందుదాకా వెళ్ళాలి. పట్టు వదిలాక బయటికి రావడానికి దానికి దారి ఉండాలి. వీటిలో ఏది లోపించినా ఎంత ఉప్పు వేసినా లాభం ఉండదు.

ఫ్రిజ్ సంగతి ఇక్కడే వస్తుంది. పురుగులకి మనలాగా సొంత ఒంటి వేడి ఉండదు, చుట్టూ ఎంత చల్లగా ఉంటే అవీ అంత మొద్దుబారిపోతాయి. ఫ్రిజ్‌లో రెండు రోజులున్న పువ్వుని తీసిన వెంటనే చన్నీళ్ళలో వేస్తే పురుగు ఎక్కడిదక్కడే బిగుసుకుని ఉంటుంది. అందుకే పువ్వుని ముందుగా బయట పెట్టి, చల్లదనం పూర్తిగా పోయేదాకా, కనీసం అరగంట వదిలెయ్యండి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి గాని చురుక్కుమనకూడదు. ఎండాకాలంలో కుళాయి నీళ్ళే సరిపోతాయి, కాచే పని లేదు.

అలాగని మరిగే నీళ్ళు పోసెయ్యకండి. చాలామంది ఇళ్ళల్లో జరిగేది ఇదే. వేడినీళ్ళలో ఉప్పు, పసుపు వేసి పువ్వుని రెండు నిమిషాలు ముంచి తీస్తారు. పురుగు చస్తుంది, నిజమే. కానీ చచ్చిన పురుగు పట్టు వదిలి బయటికి రావాలని లేదు, సందులోనే ఉడికిపోతుంది. పైగా ఉడికాక ఆ లేత ఆకుపచ్చ రంగు పాలిపోతుంది, ఇక కాడ ముక్కకీ దానికీ తేడా కళ్ళకి ఆనదు. వేడినీళ్ళు వాడాలంటే వాడండి, కాకపోతే అది ఉప్పునీళ్ళ పని పూర్తయ్యాకే. ఈ రెండింటి వరస తారుమారైతే ఉప్పునీళ్ళు పెట్టిన ప్రయోజనం ఉండదు.

ఇక పువ్వుని పెట్టే తీరు. కాలీఫ్లవర్‌ని ఒకసారి తిప్పి కింది నుంచి చూడండి. పైన తెల్లటి పువ్వు గొడుగులా కప్పి ఉంటుంది, కింద కాడల మధ్య ఖాళీలుంటాయి. పురుగు ఎక్కువగా ఉండేది ఆ ఖాళీల్లోనే. కాడ కిందికి పెట్టి నిలబెడితే గొడుగు కింద గాలి చిక్కుకుపోతుంది. పురుగు ఆ గాలిలో సుఖంగా కూర్చుంటుంది, నీళ్ళు దాన్ని తాకనే తాకవు. అందుకే మొత్తం పువ్వుని నానబెట్టాలనుకుంటే తలకిందులుగా, తెల్ల భాగం అడుక్కి, కాడ పైకి వచ్చేలా పెట్టాలి. గాలి బుడబుడమని పైకి పోయి, ఆ చోట్లోకి నీళ్ళు దిగుతాయి. పువ్వు తేలిపోతుంటుంది కాబట్టి పైన ఒక పళ్ళెం పెట్టి, దాని మీద నీళ్ళ చెంబు బరువుంచండి.

నన్నడిగితే మొత్తం పువ్వు కన్నా గుత్తులుగా విడదీసి నానబెట్టడమే మేలు. ‘కోసే ముందు నానబెట్టాలి’ అంటారు కదా, ఇది దానికి విరుద్ధం కాదా అనుకోవచ్చు. కాదు. ముందు ఆకులన్నీ తీసెయ్యాలి. తర్వాత లావు కాడ చుట్టూ కత్తి మొనతో గాటు పెట్టి, గుత్తుల్ని చేత్తో విడదీయాలి. ఒక్కో గుత్తి గుప్పిట్లో పట్టేంత ఉంటే చాలు. కత్తి కాడ దగ్గరే తగులుతుంది, పువ్వు జోలికి రాదు. కూరకి కావాల్సిన చిన్న ముక్కలు మాత్రం నానబెట్టాకే కోయాలి. ముందే చిన్నగా కోసేస్తే కత్తి కింద పురుగు కూడా రెండు ముక్కలవుతుంది. తెగిన పురుగు నీళ్ళలో కదిలి రాదు, మనం చేత్తో ఏరాల్సిందే. కోసిన చోటల్లా ముక్క ఉప్పు పీల్చుకోవడం ఇంకో నష్టం.

ఉప్పు కొలత లీటరు నీళ్ళకి నిండుగా ఒక పెద్ద చెంచా. ఒక మాదిరి పువ్వుకి నాలుగు లీటర్ల నీళ్ళు, నాలుగు పెద్ద చెంచాల ఉప్పు పడతాయి. కొలవడం ఇష్టం లేకపోతే నాలిక మీద వేసి చూడండి, మనం తినే చారుకి రెట్టింపు ఉప్పగా ఉండాలి. రాళ్ళ ఉప్పు వేసేవాళ్ళు ముందు బాగా కలిపి కరిగించాలి. కరగని రాళ్ళు అడుక్కి చేరి, పైన నీళ్ళు చప్పగా ఉండిపోతాయి. అమెరికాలో ఇంట్లో కూరగాయలు ఫ్రీజ్ చేసుకునేవాళ్ళకి ఇచ్చే సూచనల్లో దాదాపు నాలుగు లీటర్లకి నాలుగే చిన్న చెంచాల ఉప్పు వేసి అరగంట ఉంచమంటారు. మన కొలత దానికన్నా గాఢం, అందుకే నేను ఇరవై నిమిషాలతో ఆపుతాను. ఉప్పు తక్కువైతే టైం పెంచుకోవచ్చు. కానీ టైం తగ్గించుకుందామని ఉప్పు రెట్టింపు చేస్తే పువ్వు వాడిపోయి మెత్తబడుతుంది, కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో అంచనా కూడా తప్పుతుంది.

పసుపు మీ ఇష్టం. ఇరవై నిమిషాల్లో పురుగుని వదిలించే పని ఉప్పూ నీళ్ళూ చేస్తాయి. మా దగ్గర ఈ మొదటి నీళ్ళలో పసుపు వెయ్యం. నీళ్ళు పచ్చగా మారితే తేలిన పురుగు, అడుగున చేరిన మట్టి సరిగా కనిపించవు. ఇదే కారణంతో తెల్లటి టబ్బు గాని స్టీలు బేసిన్ గాని వాడండి. ఆకుపచ్చ ప్లాస్టిక్ తొట్టిలో ఆకుపచ్చ పురుగుని వెతకడం వృథా ప్రయాస.

ఇది ఎలా నడుస్తుందో ఒక పువ్వు మీద చెప్తాను. ముక్కాలు కిలో ఉంటుందేమో, సీజన్ చివర్లో మార్కెట్ నుంచి వచ్చింది. చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. ఆకుల మీద అక్కడక్కడా పలచటి తెల్లటి మచ్చలున్నాయి, వెలుతురుకి పెట్టి చూస్తే అద్దంలా అవతలి పక్క కనిపిస్తోంది. పిల్ల పురుగు ఆకు కండ మాత్రమే గీరి తిని, పైపొర వదిలేస్తే అలాగే ఉంటుంది. కాడల మొదట్లో ఆవగింజ కన్నా చిన్నవి, నల్లటి ఆకుపచ్చ రవ్వలున్నాయి. అది పురుగు రెట్ట. రెట్ట తడిగా, మెత్తగా ఉందంటే పురుగు ఇంకా అక్కడే ఉందని లెక్క. పువ్వు కూడా గట్టిగా ముడుచుకుని లేదు, కాస్త విచ్చుకుని గుత్తుల మధ్య సందులు పెద్దవయ్యాయి.

ఆకులు తీసేసి, గుత్తులు విడదీసి, టబ్బులో వేసి పళ్ళెం మోపాము. ముందు కాసేపు బుడగలు తప్ప ఏమీ లేదు. అయిదారు నిమిషాలయ్యాక ఒక సన్నటి ఆకుపచ్చ పురుగు పైకి తేలింది, కాసేపటికి ఇంకోటి. అక్కడితో అయిపోయిందని చాలామంది తీసేస్తారు. మేము సగం టైంలో పళ్ళెం తీసి, ఒక్కో గుత్తినీ కాడ పట్టుకుని నీళ్ళలోనే తిప్పి అటూ ఇటూ జాడించాం. పట్టు వదిలేసి కూడా సందులో చిక్కుకుపోయినవి అప్పుడే బయటపడతాయి. కొన్ని తేలతాయి, కొన్ని మునుగుతాయి. అడుగున సన్న ఇసుక, రెట్ట రవ్వలు పేరుకున్నాయి. టైం అయ్యాక గుత్తుల్ని చేత్తో పైకి తీసి వేరే గిన్నెలో వేశాం. టబ్బుని జల్లెడలోకి వంచేస్తే అడుగు మట్టి, తేలిన పురుగు అన్నీ మళ్ళీ గుత్తుల మీదికే వచ్చి పడతాయి. ఎక్కువమంది చేసేది అదే.

తర్వాత కొత్తగా ఉప్పునీళ్ళు కలిపి ఇంకో పది నిమిషాలు ఉంచాం. ఈ రెండో నీళ్ళే అసలు పరీక్ష. దాంట్లో ఏమీ తేలకుండా, అడుగు శుభ్రంగా ఉంటే ఆ పువ్వు కోయొచ్చు. ఒక్క పురుగు కనిపించినా మూడోసారి తప్పదు. మా పువ్వుకి రెండోదాంట్లో ఏమీ రాలేదు. మంచినీళ్ళలో రెండుసార్లు జాడించి ఉప్పు పోగొట్టి, అప్పుడు కత్తి పెట్టాం. గుత్తిని కాడ నుంచి నిలువుగా చీల్చాం, అడ్డంగా కాదు. నిలువుగా చీల్చితే సందులన్నీ తెరుచుకుంటాయి. ఒకచోట కాడకి అంటుకుని తెల్లటి సన్నటి వల లాంటి గూడు, దాంట్లో ఆకుపచ్చటి ప్యూపా దొరికింది. కత్తి మొనతో గీరి పారేశాం.

ఆ గూడు ఉప్పునీళ్ళకి ఎందుకు రాలేదంటే, ప్యూపా దశలో పురుగు కదలదు, వదిలిపెట్టడానికి దానికి పట్టూ ఉండదు. గుడ్లూ అంతే, జిగురుతో అంటుకుని ఉంటాయి. కాడలోకి తొలుచుకుని పోయిన పురుగుదీ అదే కథ, నీళ్ళు ఆ సొరంగంలోకి సరిగా వెళ్ళవు. కాడ మీద గుండుసూది తల కన్నా పెద్ద రంధ్రం, దాని చుట్టూ గోధుమ రంగు కనిపిస్తే ఆ ముక్క కోసి అవతల పారెయ్యండి. పేనుబంకది ఇంకో రకం ఇబ్బంది. బూడిద చల్లినట్టు గుంపుగా అంటుకుని ఉంటుంది, ఒంటి మీద మైనం లాంటి పొడి ఉండటంతో నీళ్ళు జారిపోతాయి. దాన్ని కుళాయి ధార కింద వేలితో రుద్ది తియ్యాలి. బాగా పట్టేసిన ఆకునో గుత్తినో వదిలేసుకోవడం నయం.

నేను చెప్పిన ఈ సన్నటి ఆకుపచ్చ పురుగు ఎక్కువగా డైమండ్ బ్యాక్ మాత్ అనే చిన్న రెక్కల పురుగు పిల్ల. పెరిగినా సెంటీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది, రెండు చివర్లా సన్నబడి ఉంటుంది. ముట్టుకుంటే గింజుకుంటూ వెనక్కి జరిగి దారం మీద వేలాడుతుంది. దీన్ని మందులతో లొంగదీయడం రైతుకి ఎప్పుడూ కష్టమే. 1953లోనే జావాలో ఇది డీడీటీకి లొంగకుండా తయారైందని నమోదైంది, పంటల పురుగుల్లో అలా మొట్టమొదట తేలింది ఇదే. కొందరు రైతులు క్యాబేజీ వరసల మధ్య ఆవాలు వేస్తారు, తల్లి పురుగు అటు వెళ్ళి గుడ్లు పెడుతుందని. కాబట్టి పురుగుందని కూరగాయల అతన్ని తిట్టి లాభం లేదు. చలి తగ్గి ఎండలు ముదిరేకొద్దీ ఇవి పెరుగుతాయి, అప్పుడు పువ్వు ధర తగ్గినా ఏరడానికి ఓపిక ఎక్కువ పెట్టాలి.

క్యాబేజీకి ఈ పద్ధతి అలాగే పనికిరాదు. గట్టిగా చుట్టుకున్న క్యాబేజీని మొత్తంగా ఎంతసేపు నానబెట్టినా పైఆకులు తప్ప లోపల తడవదు. ఆకు మీద ఆకు అంత బిగువుగా ఉంటుంది. దీనికి చూపే ముఖ్యం. పైన రెండు మూడు ఆకులు తీసెయ్యండి. కింది ఆకు మీద రంధ్రం లేకుండా నున్నగా ఉంటే, దాని కింద ఆకూ అలాగే ఉంటే, లోపలికి పురుగు వెళ్ళలేదని దాదాపు నమ్మొచ్చు. పైనుంచి లోపలికి పోవాలంటే అది ఆకుని తొలుచుకునే పోవాలి కదా. ఒక్కసారి అడుగున మొదలు దగ్గర కూడా చూసుకోండి, ఆకులు కాడని కలిసే చోట సందు ఉంటుంది.

రంధ్రం ఉంటే మాత్రం దాన్ని వెంటపడండి. ఆ ఆకు తీస్తే కింది ఆకు మీద రంధ్రమో, తడి రెట్టో కనిపిస్తుంది. అలా రంధ్రం ఆగేదాకా ఒక్కో ఆకూ ఊడదీస్తూ పోతే పురుగు దొరుకుతుంది. పెద్ద రంధ్రాలు, గుప్పెడు రెట్ట కనిపిస్తే అది పొగాకు లద్దె పురుగు అయ్యుండొచ్చు, లావుగా ఉంటుంది, వెతకడం తేలికే. మిగిలినదాన్ని మొదలు మీదుగా నాలుగు చెక్కలు చేసి, ప్రతి చెక్కలోంచీ గట్టి మొదలు కోసేస్తే ఆకులు వదులవుతాయి. అవి విడదీసి అదే ఉప్పునీళ్ళలో పది పదిహేను నిమిషాలు ఉంచి, జాడించి, అప్పుడు సన్నగా తరగండి. తరిగిన క్యాబేజీని నానబెట్టకండి. నీళ్ళలో కరిగే సి విటమిన్, ఆ కాస్త తియ్యదనం రెండూ నీళ్ళతోనే పోతాయి, పిండినా కూర చిత్తడిగానే వస్తుంది.

ఇక మెదడు సంగతి. మీరు చూసిన ఆకుపచ్చ పురుగు పొరపాటున కడుపులోకి పోయినా మెదడుకి పోదు. అది ఆకు తినే గొంగళి, మన ఒంట్లో బతకలేదు, కూరతో పాటే అరిగిపోతుంది. అసహ్యం తప్ప వేరే ప్రమాదం లేదు. జనం చెప్పుకునే జబ్బు నిజంగానే ఉంది, డాక్టర్లు దాన్ని న్యూరోసిస్టిసర్కోసిస్ అంటారు, దానివల్ల ఫిట్స్ వస్తాయి. కానీ దానికి కారణం పంది మాంసం ద్వారా మనుషులకి సోకే బద్దెపురుగు గుడ్లు. ఆ బద్దెపురుగు పేగుల్లో ఉన్న మనిషి మలంతో గుడ్లు బయటికి వస్తాయి. మురుగు నీళ్ళు పారించిన చేలల్లోనో, కడుక్కోని చేతుల ద్వారానో అవి కూరగాయల మీదికి చేరతాయి. అవి కంటికి కనిపించవు. ఇది క్యాబేజీకే పరిమితం కాదు, కొత్తిమీర, క్యారెట్, పచ్చిగా తినే ఏదైనా సరే. క్యాబేజీని పచ్చిగా తినడం, మడతల్లో మట్టి నిలవడం వల్ల దానికి ఈ పేరొచ్చింది.

ఉప్పునీళ్ళకి ఆ గుడ్లు చస్తాయని అనుకోకండి. బాగా ఉడికితే చస్తాయి, కాబట్టి కూర, పప్పు, వేపుడు గురించి భయం అక్కర్లేదు. సలాడ్‌కో, నూడుల్స్ మీద చల్లడానికో పచ్చిగా వాడేటప్పుడు మాత్రం పైఆకులు ధారాళంగా తీసేసి, లోపలి ఆకుల్ని ఒక్కొక్కటిగా ధారగా పడే నీళ్ళ కింద రెండు పక్కలా రుద్ది కడగాలి. ఫ్రైడ్ రైస్ బండి దగ్గర పైన చల్లే పచ్చి క్యాబేజీ నేను తినను, కడిగిన తీరు మనకి తెలియదు కాబట్టి. పురుగుమందు అవశేషాల విషయంలో కూడా ఇలాంటి హద్దే ఉంది. నానబెట్టి జాడిస్తే పైన అంటుకున్నది కొంత పోతుంది, మొక్క లోపలికి పీల్చుకున్నది పోదు.

నానబెట్టిన పువ్వుని దాచిపెట్టకండి, వండే రోజే ఈ పని చెయ్యండి. తడి పువ్వు ఫ్రిజ్‌లో త్వరగా నల్లమచ్చలు వేస్తుంది. ముందురోజే సిద్ధం చేసుకోవాలంటే ఆకులు తీసి, పొడిగా కాగితంలో చుట్టి పెట్టుకోండి చాలు. వేపుడుకో, గోబీ 65కో అయితే జాడించిన గుత్తుల్ని పాత నూలు గుడ్డ మీద కాడ పైకి ఉండేలా తిప్పి పరిచి, ఫ్యాన్ కింద అరగంట ఆరనివ్వండి. సందుల్లో తడి ఉంటే పిండి పట్టదు, నూనెలో వెయ్యగానే చిటపటమని మీద పడుతుంది. కూరకైతే అంత ఆరబెట్టే పని లేదు. కాకపోతే ఉప్పు మాత్రం రోజూ వేసే దానికన్నా కొంచెం తక్కువగా వేసి, ఉడికాక రుచి చూసి సరిచేసుకోండి.